వేరే టైమ్ జోన్‌లో ఉన్నవారికి రిపోర్టు పంపేటప్పుడు టైములు, తేదీలు ఎలా రాయాలి

"మన టైమ్ రాసి పక్కన ఐఎస్‌టీ అని పెడితే సరిపోదా?" వేరే దేశంలో ఉన్న మేనేజరుకో క్లయింటుకో రిపోర్టు పంపాల్సి వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పాలంటే ఒక రిపోర్టును చేతిలోకి తీసుకుని మొదటినుంచి చివరిదాకా మార్చి చూపించడమే మేలు.

నేను తీసుకున్నది ఒక సర్వీసు కాసేపు ఆగిపోయినప్పుడు రాసే రిపోర్టు. రాసేవారు భారత్‌లో, చదివేవారు న్యూయార్క్‌లో ఉన్నారనుకుందాం. రోజు 2026 మార్చి 8, ఆదివారం. ఈ తేదీని కావాలనే ఎంచుకున్నాను, కారణం ముందుముందు తెలుస్తుంది. ఆ సాయంత్రం 5 గంటలకు రాసిన మొదటి రూపం ఇది:

> ఈ రోజు ఉదయం 8:20కి మొదటి హెచ్చరిక వచ్చింది. 11:45కి సర్వీసు పూర్తిగా ఆగిపోయింది. లాగ్‌లో 06:15కి డేటాబేస్‌తో కనెక్షన్ తెగినట్టు కనిపిస్తోంది. మధ్యాహ్నం 1:20కి సర్వీసును తిరిగి నడిపించాం. పూర్తి కారణంతో రేపు ఉదయం 6 గంటలకల్లా ఇంకో రిపోర్టు పంపుతాం.

రాసినవారి వైపు నుంచి చూస్తే ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. ఇప్పుడు దీన్ని న్యూయార్క్‌లో సోమవారం ఉదయం 9 గంటలకు ఆఫీసుకు వచ్చి తెరిచిన మనిషిలా చదవండి. "ఈ రోజు" అంటే ఆమెకు సోమవారం. 11:45 ఇంకా రానేలేదు. "రేపు" అంటే మంగళవారం. అన్నిటికంటే పెద్ద చిక్కు లాగ్ దగ్గర ఉంది: 06:15కి కనెక్షన్ తెగితే 8:20కి గానీ హెచ్చరిక రాలేదా, రెండు గంటలు ఎవరూ చూడలేదా అని ఆమె అడుగుతుంది. నిజానికి ఆ 06:15, మీరు రాసిన 11:45 ఒకే క్షణం. లాగ్ ప్రపంచమంతటికీ ప్రమాణమైన యూటీసీ సమయంలో ఉంది, మీ చేతి గడియారం భారత సమయంలో ఉంది.

## ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- చదివేవారు ఏ ఊళ్లో ఉన్నారన్నది. దేశం పేరు చాలదు, అమెరికాలోనే చాలా టైమ్ జోన్లున్నాయి.
- మీ రిపోర్టు చిత్తుప్రతి, దానికి ఆధారమైన లాగ్‌లు, ఈమెయిళ్లు, స్క్రీన్‌షాట్లు.
- తేదీని కూడా లెక్కలోకి తీసుకునే టైమ్ కన్వర్టరు. గంటల తేడా మాత్రమే చెప్పేది పనికిరాదు.
- ఒక ఖాళీ పట్టిక. కాగితమైనా, స్ప్రెడ్‌షీటైనా సరే.

## చేయాల్సిన పని

1. టైమును సూచించే ప్రతి మాట కింద గీత గీయండి.

అంకెలు ఎలాగూ కనిపిస్తాయి. తప్పించుకుపోయేవి మాటలే. ఈ రోజు, నిన్న, మొన్న, ఎల్లుండి, ఇందాక, ఆఫీసు ముగిసేలోగా, వారాంతంలో, వచ్చే సోమవారం: ఇవన్నీ రాసేవారి గడియారానికి కట్టేసి ఉన్న మాటలు. మన చిత్తుప్రతిలో ఇలాంటివి రెండున్నాయి, "ఈ రోజు", "రేపు". అంకెలు నాలుగు, లాగ్‌లోది ఇంకొకటి.

మన తెలుగులో ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు జరిగినదాన్ని మనం "శనివారం రాత్రి ఒంటిగంటకు" అంటాం. క్యాలెండరు ప్రకారం అది ఆదివారం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, అవసరమైతే "తెల్లారితే ఆదివారం" అని చేరుస్తాం. రిపోర్టులో మాత్రం ఆ అలవాటు తేదీని ఒక రోజు వెనక్కి లాగేస్తుంది. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య జరిగిన ప్రతి సంఘటన దగ్గర ఆగి, క్యాలెండరు తేదీ ఏదో చూసుకోండి.

2. ప్రతి టైమూ ఏ గడియారం నుంచి వచ్చిందో పక్కన రాయండి.

ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే కాబట్టి ఈ దశలో తొందరపడకండి. ఒకే రిపోర్టులోకి మూడు నాలుగు గడియారాల నుంచి టైములు వచ్చి చేరతాయి. మీరు ఫోనులో చూసి రాసుకున్నది మీ స్థానిక సమయం. సర్వర్ లాగ్ చాలాచోట్ల యూటీసీలో ఉంటుంది, కానీ అన్నిచోట్లా కాదు. ఈమెయిల్ మీ స్క్రీనుపై మీ సమయంలో కనిపిస్తుంది, అదే ఈమెయిల్ అవతలివారి స్క్రీనుపై వారి సమయంలో కనిపిస్తుంది. డాష్‌బోర్డు చాలావరకు చూసేవారి బ్రౌజర్ టైమ్ ప్రకారం గీతలు గీస్తుంది.

ఈమెయిల్ విషయంలో అనుమానం ఉంటే దాని పూర్తి హెడర్ తెరవండి. అక్కడ యూటీసీతో తేడా కూడా ఉంటుంది:

```
Date: Sun, 8 Mar 2026 08:20:11 +0530
```

చివరి `+0530` అంటే యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందున్న గడియారం అని.

లాగ్‌లో అలాంటి గుర్తేమీ లేకపోతే ఊహించకండి. రెండు చోట్లా నమోదైన ఒకే సంఘటన కోసం వెతకండి. మన కేసులో సర్వీసు ఆగిన క్షణం ఫోనులో 11:45కి అలారంగా వచ్చింది, లాగ్‌లో 06:15:02 దగ్గర పడింది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అంటే లాగ్ యూటీసీలో ఉంది. ఇలా ఒక్క జంట దొరికితే చాలదు, ఇంకో సంఘటనతోనూ సరిపోల్చండి. సర్వీసు తిరిగి నడిచింది 1:20కి, లాగ్‌లో అది 07:50 దగ్గర ఉంటే మీ లెక్క నిలబడినట్టే.

3. అన్నిటినీ ముందు యూటీసీలోకి మార్చండి, ఆ తర్వాతే చదివేవారి సమయంలోకి.

భారత సమయం నుంచి నేరుగా న్యూయార్క్ సమయంలోకి దూకకండి. "మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా" అని నోటికి వచ్చిన లెక్క ఏడాదిలో కొన్ని నెలలే నిజం. శీతకాలంలో ఆ తేడా పదిన్నర గంటలు. భారత్ గడియారం ఏడాదంతా యూటీసీ కంటే 5:30 ముందే ఉంటుంది, అది మారదు. మారేది అవతలిది. అందుకే మారనిదాన్ని ముందు తీసేసి, మారేదాన్ని విడిగా చూసుకుంటే తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది.

అమెరికాలో డేలైట్ సేవింగ్, అంటే వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకు జరపడం, మార్చి రెండో ఆదివారం మొదలై నవంబరు మొదటి ఆదివారం ముగుస్తుంది. 2007 నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. ఐరోపా యూనియన్‌లోనూ బ్రిటన్‌లోనూ మాత్రం మార్చి చివరి ఆదివారం మొదలై అక్టోబరు చివరి ఆదివారం ముగుస్తుంది. కాబట్టి 2026 మార్చి 8 నుంచి 29 వరకు మూడు వారాలపాటు న్యూయార్క్, లండన్ మధ్య తేడా కూడా మామూలుగా ఉండే ఐదు గంటలు కాదు, నాలుగే. చదివేవారు రెండు చోట్లా ఉంటే ఈ మూడు వారాల్లో ఒక్క టైమూ జ్ఞాపకం మీద ఆధారపడి రాయకండి.

లినక్స్ మెషీను అందుబాటులో ఉంటే ఈ ఒక్క కమాండు చాలు:

```
TZ="America/New_York" date -d "2026-03-08 11:45 +0530"
```

ఇది `01:15:00 EST` అని చూపిస్తుంది. అదే కమాండులో 11:45 తీసి 13:20 పెడితే `03:50:00 EDT` వస్తుంది. `EST` అనే శీతకాలపు పేరు కాస్తా `EDT` అనే వేసవి పేరు అయిందని గమనించండి. ఈ రెండు క్షణాల మధ్యలోనే న్యూయార్క్ గడియారం రెండు గంటల దగ్గర్నుంచి ఒక్కసారిగా మూడుకు జరిగింది. ఆ తేదీని ఎంచుకున్నది ఇందుకే.

స్ప్రెడ్‌షీటులో చేసేవారు భారత సమయాన్ని ఇలా యూటీసీ చేయవచ్చు:

```
=A2-TIME(5,30,0)
```

ఒక హెచ్చరిక. `A2`లో తేదీ, టైమ్ రెండూ ఉండాలి. టైమ్ ఒక్కటే ఉండి అది ఉదయం ఐదున్నరకు ముందుదైతే ఫలితం సున్నా కంటే తగ్గిపోయి ఎక్సెల్‌లో గడి నిండా `####` కనిపిస్తుంది. అది కనిపిస్తే గడిని వెడల్పు చేయడం కాదు, తేదీని చేర్చాలి.

మన కేసు పట్టిక ఇలా తయారవుతుంది:

| సంఘటన | భారత సమయం | యూటీసీ | న్యూయార్క్ సమయం |
|---|---|---|---|
| మొదటి హెచ్చరిక | మార్చి 8, ఆది 08:20 | మార్చి 8, 02:50 | మార్చి 7, శని 21:50 |
| సర్వీసు ఆగింది | మార్చి 8, ఆది 11:45 | మార్చి 8, 06:15 | మార్చి 8, ఆది 01:15 |
| సర్వీసు నడిచింది | మార్చి 8, ఆది 13:20 | మార్చి 8, 07:50 | మార్చి 8, ఆది 03:50 |
| తర్వాతి రిపోర్టు గడువు | మార్చి 9, సోమ 06:00 | మార్చి 9, 00:30 | మార్చి 8, ఆది 20:30 |

మొదటి వరుసను, చివరి వరుసను మళ్లీ చూడండి. మనకు ఆదివారం ఉదయం మొదలైన గొడవ ఆమెకు శనివారం రాత్రిది. మనం "రేపు" అన్న గడువు ఆమెకు అదే ఆదివారం రాత్రి. ఆమె సోమవారం ఉదయం 9కి రిపోర్టు తెరిచేసరికి ఆ గడువు దాటి పన్నెండున్నర గంటలైంది. "రేపు" అన్న ఒక్క మాట అలాగే ఉంటే, ఆమె ఇన్‌బాక్సులో అప్పటికే ఉన్న రెండో రిపోర్టును వెతక్కుండా మంగళవారం కోసం ఎదురుచూస్తుంది.

4. నిడివిని యూటీసీ వరుసలోంచే లెక్కగట్టండి.

సర్వీసు ఎంతసేపు ఆగింది? యూటీసీలో 06:15 నుంచి 07:50, అంటే 1 గంట 35 నిమిషాలు. భారత సమయంలో తీసివేసినా అంతే వస్తుంది. న్యూయార్క్ వరుసలో తీసివేస్తే 01:15 నుంచి 03:50, అంటే 2 గంటల 35 నిమిషాలు. లేని గంట ఒకటి వచ్చి చేరింది. ఆగిన సమయాన్ని బట్టి డబ్బు తిరిగివ్వాల్సిన ఒప్పందం ఉంటే ఈ గంట చిన్న విషయం కాదు.

నవంబరులో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. 2026 నవంబరు 1న న్యూయార్క్‌లో 1:00 నుంచి 1:59 వరకు ఉన్న టైములు రెండేసిసార్లు వస్తాయి. ఆ రోజు "01:30" అని రాస్తే అది యూటీసీలో 05:30 కావచ్చు, 06:30 కావచ్చు. అలాంటి చోట `UTC-04:00` లేదా `UTC-05:00` అని పక్కన రాస్తే తప్ప దారి లేదు.

రిపోర్టులో నిడివిని మీరే రాసేయండి. చదివేవారు తీసివేతలు చేసుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

5. వాక్యాల్లో ఒకే గడియారం వాడండి.

ప్రతి టైము పక్కనా బ్రాకెట్లో ఇంకో రెండు టైములు పెట్టి రాసిన రిపోర్టులు చూశాను. మంచి ఉద్దేశంతో చేసేదే, కానీ నాలుగు వాక్యాలు చదివేసరికి ఏ అంకె ఎవరిదో కలిసిపోతుంది. నా పద్ధతి ఇది. చదివేది ఒక్కరైనా, అందరూ ఒకే ఊళ్లో ఉన్నా వాక్యాల్లో వారి సమయమే రాస్తాను. యూటీసీ, మన సమయం పట్టికలో ఉంటాయి. చదివేవారు రెండు మూడు దేశాల్లో ఉంటే వాక్యాల్లో యూటీసీ ఒక్కటే ఉంచి, పట్టికలో ఒక్కొక్కరికీ ఒక్కో నిలువు వరుస ఇస్తాను.

రిపోర్టు మొదట్లో, శీర్షిక కిందే, ఏ గడియారం వాడారో ఒక వాక్యం రాయండి. చివర్లో చిన్న అక్షరాలతో రాస్తే చూడరు.

6. టైమ్ జోన్ పేరును పొట్టి అక్షరాలతో వదిలేయకండి.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. `IST` అంటే మనకు భారత సమయం. అవే మూడక్షరాలు ఇజ్రాయెల్ ప్రామాణిక సమయానికీ వాడతారు, ఐర్లండ్ వేసవి సమయానికీ వాడతారు. `CST` అంటే అమెరికా మధ్య ప్రాంతపు సమయం కావచ్చు, చైనా సమయం కావచ్చు. ఆ రెంటికీ మధ్య తేడా 14 గంటలు.

ఇంకో పొరపాటు `EST` అని ఏడాదంతా రాయడం. అది శీతకాలపు పేరు. జులైలో "10:00 EST" అని రాస్తే, అక్షరాన్ని నమ్మేవారు ఒక అర్థం తీసుకుంటారు, అలవాటును నమ్మేవారు ఇంకో అర్థం తీసుకుంటారు. ఇద్దరి మధ్యా గంట తేడా. నేను ఊరి పేరూ యూటీసీ తేడా రెండూ రాస్తాను: "న్యూయార్క్ సమయం, `UTC-04:00`". కాస్త పొడవైనా దీనికి రెండో అర్థం లేదు.

7. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి, వారం పేరు చేర్చండి.

08/03/2026 మనకు మార్చి 8. అమెరికాలో అది ఆగస్టు 3. నెల పేరు అక్షరాల్లో ఉంటే ఈ గొడవే లేదు. వారం పేరు అదనపు కాపలా లాంటిది: తేదీ మార్చి, వారం మార్చడం మరిచిపోతే ఆ రెండూ పొసగవు, పొరపాటు వెంటనే బయటపడుతుంది.

ఫైళ్లలో, డేటా వరుసల్లో అయితే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 పద్ధతి వాడండి. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, చివర యూటీసీ తేడా:

```
2026-03-08T11:45:00+05:30
2026-03-08T06:15:00Z
```

ఈ రెండు వరుసలూ ఒకే క్షణం. చివర ఉన్న `Z` యూటీసీకి గుర్తు. మనుషులు చదివే వాక్యాల్లో మాత్రం దీన్ని పెట్టకండి, కంటికి శ్రమ.

ఇక 12 గంటల పద్ధతిలో "12 ఏఎం" అనేది అర్ధరాత్రో మధ్యాహ్నమో చాలామందికి క్షణం ఆలోచిస్తే గానీ తట్టదు. 24 గంటల పద్ధతిలో రాస్తే ఆ సందేహం ఉండదు. గడువు అర్ధరాత్రి అయితే 00:00 అని కాకుండా 23:59 అని రాయండి. "ఆదివారం అర్ధరాత్రి" అంటే ఆదివారం మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసే అర్ధరాత్రా అన్న ప్రశ్నకు తావుండదు.

8. జతచేసిన వాటిని మరచిపోకండి.

వాక్యాలన్నీ దిద్ది, కింద పాత స్క్రీన్‌షాట్ అలాగే వదిలేస్తే రిపోర్టు తనతో తనే విభేదిస్తుంది. గ్రాఫు అయితే డాష్‌బోర్డులో టైమ్ జోన్ మార్చి మళ్లీ తీసుకోండి. మార్చడం కుదరకపోతే బొమ్మ కింద "ఈ బొమ్మలో టైములు భారత సమయంలో ఉన్నాయి, న్యూయార్క్ సమయం కోసం పట్టిక చూడండి" అని రాయండి. డాష్‌బోర్డు లింకు పంపుతుంటే ఇంకో జాగ్రత్త: ఆమె తెరిచినప్పుడు అది ఆమె బ్రౌజర్ సమయంలో కనిపించవచ్చు, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌తో సరిపోకపోవచ్చు. స్ప్రెడ్‌షీటు జతచేస్తే నిలువు వరుస పేరులోనే జోన్ పెట్టండి, `time_utc` అన్నట్టు. గడిలోని టైముకు అది ఏ జోన్‌దో గుర్తుండదు.

9. రాబోయే టైములకు ఏ ఊరి గడియారం ప్రమాణమో చెప్పండి.

జరిగిపోయిన సంఘటనకు యూటీసీ ఉంటే చాలు. జరగబోయేదానికి చాలదు. "ప్రతి సోమవారం 13:30 యూటీసీకి సమీక్ష" అని రాస్తే న్యూయార్క్‌లో అది వేసవిలో 09:30కి, శీతకాలంలో 08:30కి వస్తుంది. ఆమె ఎప్పుడూ 09:30 అనే అనుకుంటే నవంబరులో గంట ఆలస్యంగా వస్తుంది. అందుకని "న్యూయార్క్ సమయం ప్రకారం ప్రతి సోమవారం 09:30. భారత్‌లో ఇది వేసవిలో 19:00, నవంబరు 1 తర్వాత 20:00" అని రాయండి. ఎవరి గడియారం కదలకుండా ఉంటుందో, ఎవరు సర్దుకోవాలో తేలిపోతుంది.

## మార్చాక ఎలా ఉంటుంది

> ఈ రిపోర్టులోని టైములన్నీ న్యూయార్క్ సమయంలో, 24 గంటల పద్ధతిలో ఉన్నాయి. మార్చి 8, ఆదివారం 02:00కి న్యూయార్క్‌లో డేలైట్ సేవింగ్ మొదలైంది. అంతకుముందు టైములు UTC-05:00, ఆ తర్వాతవి UTC-04:00. రిపోర్టు రాసినది: 2026 మార్చి 8, ఆదివారం 07:30.
>
> మార్చి 7, శనివారం 21:50కి మొదటి హెచ్చరిక వచ్చింది. మార్చి 8, ఆదివారం 01:15కి డేటాబేస్‌తో కనెక్షన్ తెగి సర్వీసు పూర్తిగా ఆగిపోయింది. అదే రోజు 03:50కి తిరిగి నడిపించాం. సర్వీసు ఆగి ఉన్నది 1 గంట 35 నిమిషాలు. మధ్యలో గడియారం గంట ముందుకు జరిగింది. పూర్తి కారణంతో తర్వాతి రిపోర్టు మార్చి 8, ఆదివారం 20:30 లోపు పంపుతాం.

"రిపోర్టు రాసినది" అన్న వాక్యాన్ని తీసేయకండి. చదివేవారు ఎప్పుడు తెరిచినా, రాసేనాటికి మీకు ఏం తెలుసో ఏం తెలియదో వారికి అర్థమయ్యేది దానివల్లే. లాగ్‌లోని 06:15 విడిగా కనిపించడం లేదని కూడా గమనించండి. అది వేరే సంఘటన కాదని తేలింది కాబట్టి 01:15లో కలిసిపోయింది.

## సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట నిమిషాలను చూడండి. భారత సమయానికి యూటీసీతో తేడాలో అరగంట ఉంది, న్యూయార్క్‌కు లేదు. కాబట్టి రెండు వరుసల్లో నిమిషాలు ఎప్పుడూ ముప్పై తేడాతో ఉండాలి: 20కి 50, 45కి 15, 00కి 30. ఎక్కడైనా రెండువైపులా ఒకే నిమిషాలు కనిపిస్తే అక్కడ మార్చడం మరిచిపోయారు, లేదా గంటలు మాత్రమే మార్చారు. పెద్ద పట్టికలోనైనా ఈ పరీక్ష చూపు సారిస్తే అయిపోతుంది. చదివేవారి జోన్‌లోనూ అరగంట తేడా ఉంటే, ఉదాహరణకు ఆస్ట్రేలియాలోని అడిలైడ్, నిమిషాలు కలిసే ఉంటాయి. నేపాల్ యూటీసీకి 5:45 ముందుంటుంది, అక్కడ పదిహేను నిమిషాల తేడా రావాలి.

తర్వాత వరుసల మధ్య దూరం చూడండి. ఏ రెండు సంఘటనల మధ్య దూరమైనా అన్ని నిలువు వరుసల్లోనూ ఒకటే ఉండాలి. మన పట్టికలో హెచ్చరికకూ ఆగడానికీ మధ్య మూడు వరుసల్లోనూ 3 గంటల 25 నిమిషాలే. ఆగడానికీ నడవడానికీ మధ్య న్యూయార్క్ వరుసలో ఒక గంట ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి తేడా దొరికితే ఆ రోజు అక్కడ గడియారం మారిందా అని చూడండి. మారి ఉంటే రిపోర్టులో ఒక మాట రాయండి. మారకపోతే తప్పు మీ లెక్కలో ఉంది.

ఆఖరున మీ ల్యాప్‌టాప్ టైమ్ జోన్‌ను కాసేపు చదివేవారి ఊరికి మార్చి, మీకే పంపుకున్న ఈమెయిల్‌నూ లింకులనూ తెరిచి చూడండి. ఆమెకు ఏం కనిపిస్తుందో మీకూ అదే కనిపిస్తుంది. చూశాక మళ్లీ వెనక్కి మార్చుకోండి. ఒకసారి అలా మార్చి మరిచిపోయి, ఆ రోజంతా తప్పు జోన్‌లో నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సును దిద్దడానికి రిపోర్టు రాసినదానికంటే ఎక్కువసేపు పట్టింది.

## పంపేశాక తప్పు కనబడితే

ఫైలును చడీచప్పుడు లేకుండా మార్చి మళ్లీ పంపకండి. పాత టైము ఈపాటికే ఆమె ఇంకొకరికి పంపిన మెయిల్లోకో, మీటింగు నోట్సులోకో వెళ్లి ఉంటుంది. తప్పు వాక్యం, సరైన వాక్యం రెండూ చూపిస్తూ చిన్న దిద్దుబాటు పంపండి: "సర్వీసు ఆగినది మార్చి 8, ఆదివారం 00:15 అని రాశాం. సరైనది 01:15, న్యూయార్క్ సమయం, UTC-05:00. తిరిగి నడిచిన టైములోనూ ఆగిన నిడివిలోనూ మార్పు లేదు." ఏది మారిందో చెప్పినంత స్పష్టంగా ఏది మారలేదో కూడా చెప్పండి, లేకపోతే మిగిలిన అంకెలన్నిటినీ ఆమె మొదటినుంచి అనుమానించాల్సి వస్తుంది.